ప్రాజెక్టు అయిపోయాక రాయాల్సిన ఒక్క పేజీ



ఫిబ్రవరి 28, జాతీయ సైన్స్ దినోత్సవం అయిపోయింది. ఎగ్జిబిషన్ కోసం చేసిన మోడల్ ఇప్పుడు మీ ఇంట్లో ఫ్రిజ్ మీదో, బాల్కనీ మూలనో, మంచం కిందో ఉండే ఉంటుంది. ఇంకో రెండు వారాలు చూసి, దుమ్ము పట్టాక, పిల్లలు స్కూల్లో ఉన్న టైమ్‌లో చడీచప్పుడు కాకుండా బయట పడేస్తారు. పడేయండి, నాకేం అభ్యంతరం లేదు. కానీ దానికి ముందు పిల్లల చేత ఒక్క పేజీ రాయించండి. ఆ పేజీ గురించే ఈ వ్యాసం.

దాన్ని పోస్ట్‌మార్టం రిపోర్టు అంటారు. ఈ మాట క్లాసులో అంటే పిల్లలు నవ్వుతారు, ఇంట్లో అంటే పెద్దవాళ్లు "అపశకునం మాటలెందుకమ్మా" అంటారు. ఎన్నికల్లో ఓడిన పార్టీ చేసుకునే సమీక్షను కూడా మన పేపర్లు పోస్టుమార్టం అనే రాస్తాయి కదా, ఇదీ ఆ అర్థంలోదే. సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల్లో ఉన్న తల్లిదండ్రులకు ఇది రోజూ వినే మాటే. సర్వర్ పడిపోయిన మర్నాడు మీరంతా కూర్చుని రాసేది ఇదే. ఆఫీసులో మీరు చేసే ఈ పని ఎనిమిదో తరగతి పిల్లలు చేయగలరా అంటే, చేయగలరు. అయితే దాన్ని వాళ్ల చేతికి సరిపోయేంత చిన్నది చేయాలి. గత ఏడాది మా ఎనిమిదో తరగతిలో ఒక గ్రూపు రాసిన రిపోర్టు తీసుకుని అదెలాగో చెబుతాను. పిల్లల పేర్లు మాత్రం ఇక్కడ రాయడం లేదు.

నలుగురు పిల్లలు. ప్రాజెక్టు నీటి ఫిల్టరు. రెండు లీటర్ల ప్లాస్టిక్ సీసా అడుగు కోసి తలకిందులుగా నిలబెడతారు. మూతి దగ్గర దూది, దాని మీద బొగ్గు పొడి, దాని మీద సన్న ఇసుక, తర్వాత ముతక ఇసుక, అన్నిటికంటే పైన గులకరాళ్లు. పైనుంచి బురద నీళ్లు పోస్తే కింద తేట నీళ్లు రావాలి. ప్రతి ఏడాదీ ప్రతి స్కూల్లోనూ కనీసం ఒక గ్రూపు చేసే మోడలే. ఎగ్జిబిషన్ రోజు పదిన్నరకు జడ్జీలు వచ్చారు. పిల్లలు నీళ్లు పోశారు. కింద గ్లాసులో నల్లటి నీళ్లు పడ్డాయి. పోసిన నీళ్లకంటే వచ్చిన నీళ్లే మురికిగా ఉన్నాయి.

మామూలుగా అయితే కథ ఇక్కడితో ముగుస్తుంది. ఇంటికెళ్లాక "ప్రైజ్ వచ్చిందా?" అని అడుగుతాం, "రాలేదు" అంటారు, "ముందే చెప్పాను కదా" అంటాం. ఏం ముందే చెప్పామో మనకీ తెలీదు, వాళ్లకీ తెలీదు. తర్వాతి ఏడాది సోలార్ కుక్కరు చేస్తారు, అదీ ముందురోజు రాత్రే చేస్తారు.

రిపోర్టు రాయాల్సింది రెండు మూడు రోజుల లోపల. ఆ రోజు సాయంత్రం వద్దు, అప్పుడు ఒకరు ఏడుస్తుంటారు, ఇంకొకరు ఇంకొకరి మీద కోపంగా ఉంటారు. వారం దాటితే ఎవరికీ ఏదీ సరిగ్గా గుర్తుండదు, గుర్తున్నట్టు మాత్రం అందరికీ ఉంటుంది. మా పిల్లలు మూడో రోజు కూర్చున్నారు, నలభై నిమిషాలు పట్టింది. నలుగురూ ఉండాలన్నది ఒకే ఒక్క షరతు. ఒక్కరే రాస్తే అది రిపోర్టు కాదు, ఫిర్యాదు.

మొదటి రెండు లైన్లు తేలిక. ఏం అనుకున్నాం? బురద నీళ్లు తేటగా మార్చి చూపించాలని. ఏం జరిగింది? జడ్జీల ముందు నల్లటి నీళ్లు వచ్చాయి. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టడమే సగం పని. అమెరికా సైన్యంలో ప్రతి శిక్షణ కసరత్తు తర్వాత కూర్చుని చేసే సమీక్ష ఒకటుంది, అక్కడ అడిగేవి కూడా ఇలాంటివే: ఏం జరగాలనుకున్నాం, ఏం జరిగింది, తేడా ఎందుకు వచ్చింది, ఈసారి ఏం చేద్దాం. ఏం అనుకున్నామో ముందు రాయకపోతే పిల్లలు చాలా తెలివిగా లక్ష్యాన్నే మార్చేస్తారు. "మేము లేయర్లు చూపిద్దామనే అనుకున్నాం మేడమ్, నీళ్లు తేటగా రావాలని కాదు" అని ఒకడు అన్నాడు కూడా. మిగతా ముగ్గురూ వాడి వైపు ఒక చూపు చూశారు, అంతే.

తర్వాత వచ్చేది టైమ్‌లైన్. తారీఖు, గంట, జరిగింది. అభిప్రాయాలు వద్దు, "పాపం", "అనుకోకుండా" లాంటి మాటలు వద్దు. మా పిల్లలది ఇలా ఉంది. ఫిబ్రవరి 5న టాపిక్ ఇచ్చారు. 12న చార్టు పూర్తయింది. 25 వరకు ఇసుక రాలేదు. 27 సాయంత్రం ఏడింటికి ఒకరి ఇంట్లో మోడల్ కట్టారు. ఎనిమిదిన్నరకు మొదటిసారి నీళ్లు పోస్తే నల్లగా వచ్చాయి, "పొద్దున్నకి సర్దుకుంటుంది" అనుకుని పడుకున్నారు. 28 పొద్దున ఆటోలో స్కూలుకి తెచ్చారు. పదిన్నరకు జడ్జీలు. మధ్యాహ్నం వరకు వచ్చిన వాళ్లందరికీ పోసి చూపిస్తూనే ఉన్నారు. పన్నెండున్నర ప్రాంతంలో, దాదాపు ఏడో లీటరు దగ్గర, నీళ్లు తేటగా రావడం మొదలైంది.

ఆ చివరి లైను చూడండి. దాన్ని ఎవరూ మొదట చెప్పలేదు. టైమ్‌లైన్ రాస్తుంటే చార్టు రాసిన అమ్మాయి "మేడమ్, మధ్యాహ్నానికి బాగానే వచ్చాయి కదా" అంది. అప్పటిదాకా నలుగురి నమ్మకమూ ఒకటే, తమ ఫిల్టరు పనికిరానిదని. నిజానికి ఫిల్టరు బాగానే ఉంది, రెండు గంటలు ఆలస్యంగా పనిచేసింది, అంతే. ఈ ఒక్క సమాచారంతో కారణం వెతికే దారే మారిపోయింది. టైమ్‌లైన్ రాయకుండా నేరుగా "ఎందుకు ఫెయిలైంది" అన్న దగ్గరికి వెళ్తే దొరికేది కారణం కాదు, సాకు.

ఇక ఎందుకు. జపాన్‌లో టయోటా కంపెనీ నుంచి వచ్చిన ఒక పద్ధతి ఉంది. ఎందుకు అని అడగడం, వచ్చిన జవాబుని పట్టుకుని మళ్లీ ఎందుకు అని అడగడం, అలా ఐదుసార్లు దాకా వెళ్లడం. మన పిల్లలు మూడేళ్ల వయసులో ఈ పద్ధతితోనే మన ప్రాణం తీశారు, పదమూడేళ్లకి మర్చిపోయారు. మా గ్రూపు చేసింది చూడండి.

నీళ్లు నల్లగా ఎందుకు వచ్చాయి? బొగ్గు నలక నీళ్లతో పాటు కిందికి దిగింది. అది బొగ్గేనని ఎలా తెలుసు? కడగని ఇసుక అయితే నీళ్లు మట్టిరంగులో ఉంటాయి. గ్లాసు అడుగున చేరినదాన్ని తెల్ల కాగితం మీద వేసి ఆరబెడితే నల్లటి పొడి మిగిలింది. నలక ఎందుకు దిగింది? బొగ్గుని దంచాక కడగలేదు. దంచిన బొగ్గులో పిండిలాంటి సన్న నలక ఉంటుంది, దూది దాన్ని పూర్తిగా ఆపలేదు. నీళ్లు తేరేదాకా కడిగితే ఆ నలక ముందే పోతుంది. కడగకపోతే ఎగ్జిబిషన్‌లో పోసిన మొదటి ఏడు లీటర్లే ఆ కడిగే పని చేస్తాయి.

ఎందుకు కడగలేదు? ఇక్కడ దారి రెండుగా చీలింది. కడగాలని వాళ్లకి తెలీదు, వాళ్లు చూసిన వీడియోలో ఆ మాట లేదు. రెండోది, ముందురోజు రాత్రి నల్లగా వచ్చిందని తెలిసినా అప్పుడు మళ్లీ విప్పి కట్టే టైమ్ లేదు. ఐదు ఎందుకులతో వచ్చే చిక్కు ఇదే, అది ఒకే గొలుసులా కనిపిస్తుంది. జరిగిన వాటికి చాలాసార్లు రెండు మూడు కారణాలు కలిసి ఉంటాయి. ఒకటి దొరకగానే ఆగిపోతే రెండోది అలాగే ఉండిపోతుంది. కాబట్టి ప్రతి మెట్టు దగ్గరా "ఇది ఒక్కటేనా?" అని కూడా అడగమన్నాను. రెండో కొమ్మ పట్టుకుని వెళ్లారు. టైమ్ ఎందుకు లేదు? 27 సాయంత్రం దాకా కట్టలేదు. ఎందుకు కట్టలేదు? ఇసుక రాలేదు. ఎందుకు రాలేదు? "అందరం తెస్తాం" అనుకున్నారు.

అక్కడ ఆగాం. ఇంకా అడగొచ్చు, సిటీలో గుప్పెడు ఇసుక ఎందుకు దొరకదు అని, అపార్ట్‌మెంట్ పిల్లలకి ఇసుక ఎక్కడుంటుందో ఎందుకు తెలీదు అని. అవన్నీ మంచి ప్రశ్నలే కానీ ఈ నలుగురి చేతిలో ఉన్నవి కావు. ఎక్కడ ఆపాలో తెలియడానికి నేను పెట్టుకున్న గుర్తు అదే. వచ్చేసారి పిల్లలే మార్చగలిగే విషయం దగ్గరికి చేరగానే ఆపేయాలి.

ఇంకో కారణం మీద వాళ్లు కొంచెంసేపు వాదించుకున్నారు. ఆటోలో కుదుపులకి లేయర్లు కలిసిపోయాయని ఒకడి వాదన. ఆటోలో మోడల్ పట్టుకుని కూర్చున్నది తను కాదు కాబట్టి ఆ వాదన వాడికి నచ్చింది కూడా. కలిసిపోయి ఉండొచ్చు. కానీ ముందురోజు రాత్రి, ఆటో ఎక్కకముందే, నల్లగా వచ్చినట్టు టైమ్‌లైన్‌లో ఉంది. కాబట్టి అది అసలు కారణం కాదు. మహా అయితే తోడు కారణం, అదీ తేలలేదు. రిపోర్టులో "ఉండొచ్చు, నిర్ధారించలేదు" అని రాశారు.

నిర్ధారించలేదు అని రాయడం సిగ్గుపడే విషయం కాదు. 2021 ఆగస్టు 12న తెల్లవారుజామున 5.43కి మన శ్రీహరికోట నుంచి జీఎస్‌ఎల్‌వీ-ఎఫ్10 రాకెట్ ఎగిరింది. మొదటి రెండు దశలూ సరిగ్గానే పనిచేశాయి, పైన ఉండే క్రయోజెనిక్ దశ మాత్రం మండలేదు, ఈవోఎస్-03 ఉపగ్రహం పోయింది. ఇస్రో వైఫల్య విశ్లేషణ కమిటీ వేసింది. ద్రవ హైడ్రోజన్ ట్యాంకులో ఉండాల్సినంత పీడనం లేదని, దానికి కారణం ఒక వాల్వు దగ్గర లీకేజీ అని కమిటీ తేల్చింది. ఆ వాల్వు ఎందుకు లీకైందన్న దగ్గర మాత్రం, లోపలి మెత్తటి సీలు దెబ్బతినడం ఎక్కువ అవకాశమున్న కారణం అని చెప్పింది. అంత డేటా చేతిలో ఉన్నవాళ్లు కూడా తెలిసినదానికి తెలిసిందనీ, ఊహకు ఊహ అనీ విడిగా పేరు పెట్టారు. ఆ ప్రకటనలో ఎవరో ఒక ఇంజనీరు బాధ్యుడన్న మాట ఉండదు. ఆ తర్వాత ఏం మార్చాలో మాత్రం స్పష్టంగా ఉంటుంది: ఇంజిన్ మొదలయ్యే ముందు ట్యాంకులో తగినంత పీడనం ఉండేలా ఏర్పాటు, ఆ వాల్వునూ దాని చుట్టూ ఉన్న అమరికనూ బలపరచడం, క్రయోజెనిక్ దశ కొలతలను ఆటోమేటిగ్గా పరిశీలించాకే ఎగరడానికి అనుమతి. 2023 మే 29న అదే తరగతి రాకెట్, జీఎస్‌ఎల్‌వీ-ఎఫ్12, ఎన్‌వీఎస్-01 ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టింది.

పేర్ల సంగతి వచ్చింది కాబట్టి ఇంగ్లీషు టీచర్‌గా ఒక మాట. కారణాల భాగంలో మనిషి పేరు ఉండకూడదు. "ఫలానావాడు బొగ్గు కడగలేదు" అని రాయగానే చర్చ అయిపోతుంది. వాడు తల దించుకుంటాడు, మిగతావాళ్లకి ఊపిరి పీల్చుకున్నట్టు ఉంటుంది, అసలు కారణం అక్కడే ఉండిపోతుంది. అదే వాక్యాన్ని "బొగ్గు కడగాలన్నది మా పనుల జాబితాలో లేదు" అని మార్చి చూడండి. ఇప్పుడు ఏం చేయాలో కనిపిస్తుంది. పిల్లలు ఇంకో తెలివి కూడా చూపిస్తారు. క్లాసులో నేర్పిన పాసివ్ వాయిస్ తెచ్చి, "ది చార్‌కోల్ వాజ్ నాట్ వాష్డ్" అని రాసి పెట్టేస్తారు. మనిషి మాయం, కారణమూ మాయం. పేరు తీసేస్తే సరిపోదు, ఆ పేరు ఉన్న చోట ఏ ఏర్పాటు లోపించిందో రాయాలి.

పనుల భాగంలో మాత్రం దీనికి పూర్తిగా వ్యతిరేకం. అక్కడ ప్రతి లైనులోనూ పేరు ఉండాల్సిందే, అదీ ఒక్కటే పేరు.

నా లెక్కలో రిపోర్టు మొత్తంలో ఎక్కువగా చెడిపోయేది ఈ భాగమే. నలుగురికీ కాగితం ఇచ్చి "వచ్చేసారి ఏం చేస్తారు" అంటే వచ్చే జవాబులు నాకు కంఠతా వచ్చు: "ఇంకా జాగ్రత్తగా చేస్తాం", "ముందే మొదలుపెడతాం", "టీమ్ వర్క్ పెంచుకుంటాం". వీటిలో ఏదీ పని కాదు. ఒకటి పనా కాదా అని తెలుసుకోవడానికి ఒక పరీక్ష ఉంది. ఫలానా తారీఖున వెళ్లి, అయిందా కాలేదా అని మూడో మనిషి చూసి చెప్పగలగాలి. జాగ్రత్తగా ఉన్నారా లేదా అని ఎవరు చూసి చెబుతారు?

మా గ్రూపు మొదట తొమ్మిది రాసింది. కొట్టేయించి మూడు ఉంచాను. తొమ్మిది పనులు పెట్టుకున్న రిపోర్టులో తొమ్మిదీ అవవు. మొదటి పని ఫిల్టరుని మళ్లీ కట్టడం. మార్చి మొదటి శనివారం, స్కూలు ల్యాబ్‌లో, బొగ్గుని నీళ్లు తేరేదాకా కడిగి, దూదీ ఇసుకా పాతవాటిలాగే ఉంచి. బాధ్యత బొగ్గు తెచ్చిన అబ్బాయిది. దూది కూడా మందంగా వేద్దామని వాడు అన్నాడు, వద్దన్నాను. రెండూ ఒకేసారి మారిస్తే నీళ్లు తేటగా వచ్చినా దేనివల్ల వచ్చాయో తెలీదు. అయిందనడానికి రుజువు, మొదటి మూడు లీటర్లు విడివిడి గ్లాసుల్లో పట్టి తీసిన ఫొటో.

రెండో పని చార్టు సరిచేయడం. ఇది నల్లటి నీళ్ల గొడవలో ఎవరూ పట్టించుకోని తప్పు. ఎగ్జిబిషన్‌లో ఒక జడ్జి "ఈ నీళ్లు తాగొచ్చా?" అని అడిగితే పిల్లలు తాగొచ్చన్నారు. చార్టు మీద "స్వచ్ఛమైన తాగునీరు" అనే ఉంది. ఇసుకా బొగ్గూ మట్టినీ నలకనీ ఆపుతాయి, కొంత వాసన తగ్గిస్తాయి. రోగాలు తెచ్చే సూక్ష్మజీవులను ఈ సీసా ఆపుతుందని నమ్మడానికి లేదు. తేటగా కనిపించినా మరిగించాకే తాగాలి. నా దృష్టిలో నల్లటి నీళ్లకంటే ఇదే పెద్ద పొరపాటు, ఎందుకంటే నల్లటి నీళ్లు ఎవరూ తాగరు. చార్టు రాసిన అమ్మాయి మూడు రోజుల్లో ఆ లైను కొట్టేసి, "మరిగించకుండా తాగరాదు" అని ఎర్ర అక్షరాలతో రాసి సైన్స్ టీచరుకి చూపించాలని రాసుకుంది.

మూడోది సామాను జాబితా. తర్వాతి ప్రాజెక్టు టాపిక్ ఇచ్చిన రోజే వస్తువులన్నీ రాసి, ఒక్కో వస్తువు పక్కన ఒక్క పేరు, ఒక తారీఖు. "అందరం" అన్న మాట ఆ కాగితంలో ఎక్కడా కనిపించకూడదు. ఇక్కడ మీతో ఒక మాట చెప్పాలి. ఒక గ్రూపు రిపోర్టులో పేరు రాయాల్సిన చోట "నాన్న" అని ఉంది. ఇంకో దాంట్లో "అమ్మమ్మ వాళ్ల ఊరి నుంచి". నవ్వొచ్చింది కానీ విషయం చిన్నది కాదు. బండి మీద తీసుకెళ్లడం, కత్తితో సీసా కోయడం లాంటివి పెద్దవాళ్లు చేయాల్సినవే. అయినా ఆ లైనులో పేరు పిల్లవాడిదే ఉండాలి, నాన్నని ఏ రోజు అడగాలో గుర్తుపెట్టుకుని అడగడం వాడి పని. మీకు గుర్తుండి మీరే తెచ్చిచ్చేస్తే ఆ లైను అబద్ధమైపోతుంది. ఈ విషయంలో కొంచెం గట్టిగా ఉండమని నా మనవి. వాడు అడగలేదా, ఇసుక రాదు. వచ్చే రిపోర్టులో అది కూడా వస్తుంది.

మూడు పనుల్లో ఎన్ని అయ్యాయి? చార్టు అయింది. ఫిల్టరు కట్టారు. బొగ్గుని ఐదుసార్లు కడిగారు, మొదటి లీటరు కాస్త బూడిదరంగులో, రెండోది తేటగా వచ్చింది. మూడోది కాలేదు. దానికి కారణం పిల్లలు కాదు. పరీక్షలు వచ్చాయి, ఏప్రిల్ అయ్యాక సెలవులు, జూన్‌లో కొత్త సెక్షన్లు. నలుగురూ మూడు సెక్షన్లలో పడ్డారు. ఆ కాగితంలో మూడో పని పక్కన "కాలేదు, గ్రూపు విడిపోయింది" అని ఉంది. దాన్ని కొట్టేయలేదు. మన స్కూళ్లలో ఈ పద్ధతికి ఉన్న అసలు చిక్కు ఇదే. కాబట్టి ఈ ఏడాది నా క్లాసులో రెండు మార్పులు పెట్టాను. పనులకు గడువు రెండు వారాలు దాటకూడదు. రిపోర్టు కాపీ ఒకటి వచ్చే ఏడాది అదే క్లాసుకి వచ్చే పిల్లల కోసం ఫైల్లో ఉండాలి. ఫిల్టరు చేద్దామనుకున్న కొత్త ఏడో తరగతి పిల్లలు మొదట ఆ పేజీ చదివారు. బొగ్గు కడగాలని వాళ్లకి ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది.

ఇప్పుడు కొందరికి నచ్చని మాట. ఈ రిపోర్టుకి మార్కులు ఇవ్వకూడదని నా అభిప్రాయం. "మార్కుల్లేకపోతే మా వాడు రాయడు" అని చాలామంది అంటారు. మార్కులుంటే రాస్తారు, నిజమే, కానీ నిజం రాయరు. ముందురోజు రాత్రే నల్లగా వచ్చిందన్న లైను మార్కులున్న కాగితంలో ఉండేదా? ఆ లైను లేకపోతే ఆటో మీద నెపం పెట్టి ఊరుకునేవాళ్లం. అలాగే, రిపోర్టు ఓడినవాళ్లకే పెడితే అది శిక్షలా కనిపిస్తుంది. ఫస్ట్ ప్రైజ్ వచ్చిన గ్రూపు కూడా రాయాలి. వాళ్లు చివరి నిమిషంలో ఎవరో బ్యాటరీ అప్పిస్తే గట్టెక్కారేమో, ప్రైజ్ ఫొటోలో అది కనిపించదు. మన ఈ పత్రికలో కూడా ప్రతిసారీ కప్పులు పట్టుకున్న ఫొటోలే వేస్తాం. ఏడాదికి ఒకసారైనా ఇలాంటి ఒక పేజీ, పేర్లు తీసేసి, వేస్తే బాగుంటుందని యాజమాన్యానికి కూడా చెప్పాను.

మీరు ఇంట్లో చేయాల్సింది తక్కువే. కాగితం మీరు రాయకండి, అక్షరాలు దిద్దకండి, వాట్సాప్ గ్రూపులో పెట్టకండి. పూర్తయ్యాక ఒకసారి చదివి, పనుల దగ్గర మాత్రం "ఇది అయిందని నాకెలా తెలుస్తుంది?" అని ఒక్క ప్రశ్న అడగండి. జవాబు రాకపోతే ఆ లైను మళ్లీ రాయాలి. ఆ తారీఖులు ఫ్రిజ్ మీదున్న క్యాలెండర్‌లో వాళ్ల చేతే గుర్తు పెట్టించండి. తారీఖు వచ్చిన రోజు అయిందా అని అడగండి, కాకపోతే కాలేదని రాయమనండి. తిట్టకండి. ఒకసారి తిడితే తర్వాతి రిపోర్టులో అన్నీ "అయింది" అనే ఉంటాయి.

ఇంగ్లీషులో రాయాలా, తెలుగులోనా అని మొన్నటి పేరెంట్స్ మీటింగులో ఒకరు అడిగారు. నేను ఇంగ్లీషు చెప్పేదాన్ని, నా జవాబు విని ఆశ్చర్యపోయారు. ఏం అనుకున్నాం, పనులు, తారీఖులు ఇంగ్లీషులో రాయమంటాను, చిన్న వాక్యాలు, రాయడం అలవాటవుతుంది. "ఎందుకు" అన్న భాగం మాత్రం ఇంట్లో మాట్లాడే భాషలోనే రాయమంటాను, అది తెలుగైనా, ఉర్దూ అయినా, హిందీ అయినా. ఇంగ్లీషులో రాసినప్పుడు ఆ భాగంలో "డ్యూ టు లాక్ ఆఫ్ టైమ్" అని ఒక్క లైను వస్తుంది. తెలుగులో రాసిన మా గ్రూపు కాగితంలో ఉన్న వాక్యం ఇది: "ఇసుక ఎవరు తెస్తారో ఎవరం అడగలేదు, అడిగితే మనమే తేవాలేమోనని."